పన్నెండు బార్ల బ్లూస్ మీద పెంటటోనిక్ పాటలా వినిపించాలంటే?

"విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాను. గిటార్ మొదలెట్టి మూడు నెలలైంది. చాలా రాక్ పాటల వెనక ఒకే లెక్క ఉందంటారు, నిజమేనా? నేను పెంటటోనిక్ వాయిస్తే ఎక్కం అప్పజెప్పినట్టుంది. తప్పెక్కడ?"

నిజమే, అన్నిటికీ కాదు గానీ చాలావాటికి. చక్ బెర్రీ 1958 నాటి 'జానీ బి. గుడ్' కూడా పన్నెండు బార్ల చట్రమే. A కీలో మామూలుగా వాయించే వరస ఇది:

```
A7  A7  A7  A7
D7  D7  A7  A7
E7  D7  A7  E7
```

ఒక్కో గడి ఒక బార్, నాలుగు దెబ్బలు. నిమిషానికి 80 దెబ్బల వేగంలో ఒక చుట్టు 36 సెకన్లు. లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ మూడో వరసలోనే. అక్కడ బార్‌కో కార్డ్ మారుతుంది, పై వరసల అలవాటుకొద్దీ చెయ్యి ఈ7 దగ్గరే ఉండిపోతుంది. ప్రతి బార్ మొదటి దెబ్బకి 'ఒకటి' అనకుండా ఆ బార్ నంబరు పలకండి: "తొమ్మిది రెండు మూడు నాలుగు, పది రెండు మూడు నాలుగు". చివరి ఈ7 వదిలేస్తే చుట్టు మళ్లీ మొదలవుతున్నట్టే అనిపించదు.

ఇక స్కేల్. ఏ మైనర్ పెంటటోనిక్ అంటే ఏ, సి, డి, ఈ, జి. మన లెక్కలో స, గ, మ, ప, ని, అచ్చంగా శుద్ధ ధన్యాసి స్వరాలు. మూడు కార్డ్‌ల మీదా ఈ అయిదే నడుస్తాయి, కానీ అన్నీ అన్నిచోట్లా ఒకేలా కూర్చోవు. మీ తప్పు ఇక్కడే ఉండాలి.

సి స్వరాన్నే చూడండి. మూడో తీగ అయిదో ఫ్రెట్. ఏ7 కార్డ్‌లో ఉన్నది సి కాదు, దాని పైనున్న సి షార్ప్, అంటే ఆరో ఫ్రెట్. అందుకే ఏ7 మీద సి ని కదలకుండా నిలబెడితే ముతకగా తగులుతుంది. తీగని కొంచెం లాగండి, ఆరో ఫ్రెట్ శ్రుతి దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆపండి. గమకం విన్న చెవికి ఇది కొత్తేం కాదు. బ్లూస్ రుచి చాలావరకు ఆ మధ్యలోనే ఉంది. అయిదో బార్‌లో డి7 రాగానే అదే సి ని లాగకుండా వాయించండి, చక్కగా కలిసిపోతుంది, ఎందుకంటే డి7 లో సి ఉంది. ఈ7 మీద మాత్రం సి దగ్గర ఆగొద్దు, దాటిపోండి.

మొదట్లో ఆగే చోట్లు మూడే పెట్టుకోండి: ఏ7 కి నాలుగో తీగ ఏడో ఫ్రెట్, డి7 కి మూడో తీగ ఏడు, ఈ7 కి రెండో తీగ అయిదు. కార్డ్ మారిన మొదటి దెబ్బకి ఆ స్వరం మీదికి చేరాలి, మధ్యలో ఎలా తిరిగినా పర్లేదు. సరిగ్గా వచ్చిందా అన్నది తేల్చుకోవాలంటే వెనక కార్డ్‌లు లేకుండా సోలో ఒక్కటే ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. కార్డ్ ఎక్కడ మారిందో దాన్నిబట్టే తెలియాలి.

అన్నట్టు, మీవైపు ఉప్పుగాలికి తీగలు తొందరగా తుప్పెక్కుతాయి. గరుకెక్కిన తీగని లాగితే వేలు కోసుకుపోతుంది, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి.