సూది కెనాల్ చివరిదాకా దిగడం లేదు

ప్రశ్న: నేను ఎండోడాంటిక్స్ పీజీ మొదటి సంవత్సరం విద్యార్థిని. కింది మొదటి మోలార్‌లో మీసియల్ కెనాల్‌ను 20/04 రోటరీ ఫైల్‌తో 19 మి.మీ. వర్కింగ్ లెంగ్త్ వరకు చేశాను. కానీ హైపోక్లోరైట్ పంపే 30 గేజ్ సూది 16 దగ్గరే పట్టేస్తోంది. కాస్త నొక్కితే దిగుతుందా? లేక 5.25 శాతం వాడితే చాలా?

జవాబు: నొక్కకండి. సూది ఎందుకు పట్టేసిందో ఫైల్ మీద ఉన్న అంకెలే చెబుతాయి. 20/04 అంటే కొన దగ్గర 0.20 మి.మీ., అక్కడి నుంచి పైకి మిల్లీమీటరుకు 0.04 చొప్పున పెరుగుతుంది. సూది ఉండాల్సింది కొనకు 2 మి.మీ. పైన, అంటే 17 దగ్గర. అక్కడ మీరు చేసిన దారి 0.28. సూది బయటి మందం సుమారు 0.31. ఇక ఎలా దూరుతుంది? 16 దగ్గర 0.32 ఉంది కాబట్టి అక్కడిదాకా వచ్చి ఆగింది.

పట్టేసిన సూదిలోంచి పంపితే ద్రవం పైకి తిరిగి రావడానికి సందు ఉండదు. వేరు కొన దాటి ఎముకలోకి పోతుంది. మత్తు ఇచ్చినా పేషెంట్ ఒక్కసారిగా విలవిల్లాడతారు, కెనాల్‌లోంచి రక్తం ఉబికి వస్తుంది, నిమిషాల్లో బుగ్గ వాస్తుంది.

శాతం పెంచినా లాభం లేదు. పక్కన రంధ్రం ఉన్న సూది నుంచి ద్రవం ముందుకు పోయేది మిల్లీమీటరు, ఒకటిన్నర అంతే. ఆ కింద పాత ద్రవమే ఉండిపోతుంది. కణజాలంతో చర్య జరిగేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది. కొత్తది చేరితేనే పని జరుగుతుంది. పైగా మైక్రో సీటీలో చూస్తే కెనాల్ గోడల్లో మూడో వంతుకు పైగా ఫైల్ అసలు తాకదు. అక్కడ పనిచేసేది హైపోక్లోరైట్ ఒక్కటే.

కాబట్టి దారి కాస్త పెంచాలి. 25/06 వాడితే 17 దగ్గర 0.37 వస్తుంది, 30/04 వాడితే 0.38. దాదాపు సమానమే. కానీ కొనకు 5 మి.మీ. పైన, మీసియల్ వేరు వంపు తిరిగే చోట, మొదటిది 0.55 మందం, రెండోది 0.50. వంపులో తిరిగేటప్పుడు మందమైన లోహం త్వరగా అలసి విరుగుతుంది, కెనాల్‌ను నిటారు కూడా చేస్తుంది. నేనైతే 25/04 తర్వాత 30/04కి వెళ్తాను. మధ్యలో 10 నంబర్ కె-ఫైల్‌తో దారి తెరిచే ఉందో లేదో చూసుకోండి. పొడి కెనాల్‌లో ఫైల్ తిప్పకండి.

ఫైల్ తీసిన ప్రతిసారీ తుడిచి, లూప్‌తో చూడండి. మెలికలు విప్పుకుంటే పారేయండి. అలసటతో విరిగే ఫైల్ మాత్రం ఏ గుర్తూ చూపించదు. అందుకే బాగా వంపు ఉన్న కెనాల్‌లో వాడిన ఫైల్‌ను నేను మళ్లీ వాడను (ఖర్చు గురించి మా క్లినిక్‌లో గొణుగుడు మామూలే).

ఇప్పుడు సూదికి 17 దగ్గర స్టాపర్ పెట్టి, రబ్బర్ డ్యామ్ వేసి, చూపుడువేలితో మెల్లగా నొక్కుతూ, సూదిని పైకీ కిందికీ కదిలిస్తూ 2 మి.లీ. పంపండి. 3 శాతం చాలు. పిస్టన్ బిగుసుకున్నట్టు అనిపిస్తే ఒక మిల్లీమీటరు వెనక్కి లాగండి.

నమ్మకం కుదరకపోతే పారదర్శక రెసిన్ బ్లాక్‌లో సిరా నింపి ఇదే చేసి చూడండి. 20/04 దగ్గర అడుగున సిరా అలాగే నిలిచిపోతుంది.

— ఎండోడాంటిస్ట్