సెలూన్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు ఏం చెప్పాలి?

ప్రశ్న: మా సెలూన్‌లో ముగ్గురు కొత్తవాళ్ళు చేరుతున్నారు. శుభ్రత, టైమ్‌కి రావడం, కస్టమర్లతో మర్యాద గురించి మొదటి రోజు నేనే మాట్లాడాలి. ఎలా చెప్తే వాళ్ళకి గుర్తుంటుంది?

జవాబు:

ఆ మూడింటినీ మూడు ఉపన్యాసాలుగా చెప్పకండి, మధ్యాహ్నానికి ఒక్కటీ గుర్తుండదు. కొత్త స్టాఫ్‌కి శిక్షణ ఇచ్చేటప్పుడు నేను వాళ్ళని ఒక కుర్చీ చుట్టూ నిలబెడతాను. ఒక కస్టమర్ లేచాక, తర్వాతివారు కూర్చునేలోపు ఏమేం జరగాలో చేసి చూపిస్తాను. చెప్పాల్సినవన్నీ ఆ కాస్త సమయంలోనే వచ్చేస్తాయి.

అప్పుడే వాడిన దువ్వెనతో మొదలుపెడతాను. కొత్తవాళ్ళలో చాలామంది దాన్ని నేరుగా డిసిన్ఫెక్టెంట్ జార్‌లో వేసేస్తారు. అది సరిపోదు. పళ్ళ మధ్య వెంట్రుకలు, నూనె ఉంటే మందు వాటి కిందకి చేరదు. అందుకే ముందు వెంట్రుకలు తీసి, సబ్బునీళ్ళతో రుద్ది కడగాలి. తర్వాత తడి లేకుండా తుడవాలి, లేకపోతే ఆ నీళ్ళకి జార్‌లోని మందు పలచబడుతుంది. అప్పుడు పిడితో సహా పూర్తిగా మునిగేలా వేయాలి. ఎంతసేపు ఉంచాలో సీసా లేబుల్ మీద ఉంటుంది, చాలా రకాలకి అది 10 నిమిషాలు. లేబుల్ వాళ్ళ చేతే చదివించండి. ఆ మందు రోజూ మార్చాలి, మధ్యలో మురికిగా కనిపిస్తే అప్పుడే మార్చాలి. నీలం లైటు వెలిగే యూవీ పెట్టె శుభ్రం చేసిన సామాను దాచుకోవడానికే. కడగని దువ్వెనని అందులో పెట్టినంత మాత్రాన అది శుభ్రం కాదు.

టైమ్ సంగతి ఇక్కడే చెప్తాను. 10:00 గంటలకి ఒకరు, 10:30కి ఇంకొకరు ఉన్నారనుకోండి. మనం 10:10కి పని మొదలుపెడితే ఆ ఆలస్యాన్ని ఎక్కడ సర్దుతాం? హెయిర్‌కట్ తగ్గించలేం, కస్టమర్ చూస్తుంటారు. ఎవరూ చూడని ఆ పది నిమిషాల నానబెట్టడమే ఎగిరిపోతుంది. ఈ లెక్క చెప్పాక, క్రమశిక్షణ గురించి విడిగా మాట్లాడాల్సిన అవసరం నాకు రాలేదు. కాకపోతే భారమంతా వాళ్ళ మీదే వేయకండి. ఒక్కొక్కరికి కనీసం రెండు సెట్లు ఇవ్వండి, ఒకటి జార్‌లో ఉంటే ఇంకొకటి చేతిలో ఉంటుంది. బుకింగుల మధ్య కాస్త ఖాళీ వదలండి. అవి ఇవ్వకుండా స్టాఫ్‌ని తిట్టడం నా దృష్టిలో అన్యాయం.

తర్వాత షేవింగ్‌లో గాటు పడితే ఏం చేయాలో నటించి చూపించండి. పని ఆపాలి, గ్లవ్స్ వేసుకోవాలి, శుభ్రమైన దూదితో అదిమి పట్టుకోవాలి. రక్తం ఆగాక యాంటీసెప్టిక్ రాసి, అవసరమైతే ప్లాస్టర్ వేయాలి. బ్లేడుని గుచ్చుకోని గట్టి డబ్బాలో పడేయాలి. రక్తం తగిలిన సామాను పక్కన పెట్టి, కడిగి, డిసిన్ఫెక్ట్ చేయాలి. అందరి ముఖాల మీదా ఒకే పటిక ముక్క రుద్దే అలవాటు ఉంటే ఆ రోజే మాన్పించండి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు, ఎండిన రక్తపు మరకలోనూ ఉంటుంది. గాటుని దాచిపెట్టకూడదు. "సారీ అండీ, చిన్నగా తెగింది, ఒక్క నిమిషం" అని చెప్తే చాలామంది అర్థం చేసుకుంటారు. తెలియనట్టు నటించి, వాళ్ళు అద్దంలో చూసుకుంటేనే కోపం వస్తుంది.

మర్యాద దగ్గర కొత్తవాళ్ళు తడబడేది కస్టమర్ తలలో పేలు కనిపించినప్పుడు. "అక్కా, ఇటు రా, చూడు" అని పక్కవాళ్ళని పిలవడం, ముఖం చిట్లించడం రెండూ తప్పే. దువ్వెన కింద పెట్టి, వంగి, వాళ్ళకి మాత్రమే వినిపించేలా చెప్పాలి: "అండీ, తలలో పేలు ఉన్నట్టున్నాయి. ఇవి ఎవరికైనా రావచ్చు. మందు వాడి తగ్గాక రండి, చేసేద్దాం." ఈ మాటలు ఒక్కొక్కరి చేత నిజంగా పలికించండి, మొదటిసారి అందరికీ నవ్వొస్తుంది. నవ్వడం ఏదో అక్కడే అయిపోనివ్వండి. కస్టమర్ వెళ్ళాక కేప్, టవల్ వేడినీళ్ళ ఉతుకులోకి వెళ్ళాలి. కుర్చీ, నేల మీది వెంట్రుకలు వెంటనే తీసేయాలి.

అడగకుండా చేసే వ్యాఖ్యల గురించి కూడా చెప్పండి. "జుట్టు ఇంత పల్చబడిందేంటండీ" అంటూ ఏదో ప్యాకేజీ అంటగడితే, ఆ మనిషి కుర్చీలో కూర్చున్నంతసేపూ ముడుచుకుపోతారు.

చివర్లో ప్రశ్నలు అడగొద్దు, కుర్చీ వాళ్ళకి అప్పగించి మొత్తం చేయించండి. మధ్యలో ఎవరినైనా పంపి, ఆ కొత్తవాళ్ళ ఫోన్‌కి కాల్ చేయించండి. ఎత్తాక మళ్ళీ చేతులు కడుక్కుని పనిలో దిగుతున్నారో లేదో చూడండి. నా శిక్షణలో చాలామంది ఆగిపోయేది అక్కడే.