స్పీడు చూసి కాదు, శ్రావణం చూసి కొనండి

ప్రశ్న: సార్, మాది తణుకు దగ్గర పల్లెటూరు. పదేళ్ల నుంచి కాలితో తొక్కే మిషను మీదే జాకెట్లు కుడుతున్నా, ఇప్పుడు ముందు గదిలో షాపు పెడదామని. చేతిలో 60 వేలు ఉన్నాయి. షాపాయన పవర్ మిషను క్లచ్ మోటారుతో అయితే 19,500, సర్వో మోటారుతో అయితే 24,000 అన్నాడు. మా ఆయనేమో ఇరవై రకాల కుట్లు వేసే చిన్న మిషను 22,000కి ఆన్‌లైన్లో చూశారు. నెలకి 50 లైనింగ్ జాకెట్లు, 40 చీరలకి ఫాల్, పీకో వస్తాయి. పీకో బయట వేయిస్తా, చీరకి 40 తీసుకుంటారు. జాకెట్టుకి నేను 350 తీసుకుంటా. ఏది కొనమంటారు?

జవాబు: సర్వో మోటారు పవర్ మిషనే తీసుకోండమ్మా, కానీ షాపాయన చెప్పిన కారణానికి మాత్రం కాదు. ఆయన మీకు స్పీడు గురించే చెప్పుంటాడు, నిమిషానికి నాలుగు వేలు, ఐదు వేల కుట్లు అని. మీరు కుట్టేది జాకెట్లు, బెడ్‌షీట్లు కాదు. జాకెట్టులో ఏకబిగిన కుట్టే పొడవు ఎంతుంటుంది, మహా అయితే పదిహేను అంగుళాలు. అంగుళానికి 12 కుట్లు వేసుకుంటే 180 కుట్లు. నిమిషానికి వెయ్యి వేసే మిషను అయితే దానికి 11 సెకన్లు, నాలుగు వేలు వేసేది అయితే 3 సెకన్లు. మిగిలింది 8 సెకన్లు. ఆ తర్వాత గుడ్డ తిప్పి, అంచులు కలిపి, గుండుసూది తీసి మళ్లీ పాదం కింద పెట్టడానికి అర నిమిషం పడుతుంది, అక్కడ ఏ మోటారూ మీకు సాయం చెయ్యదు.

ఒకసారి గడియారం పెట్టుకుని ఒక జాకెట్టు మొత్తం కుట్టి చూడండి. నా అంచనా, రెండు గంటల్లో కటింగు అరగంట, హుక్కులు, హెమ్మింగు చేతిపని ఇంకో అరగంట, మిషను దగ్గర గంట ఉంటుంది. ఆ గంటలో కూడా సూది నిజంగా దిగేది పావుగంట ఉంటే ఎక్కువ. మరి పవర్ మిషనుకి వేలు ఎందుకు పొయ్యాలి అంటారా, కాళ్ల నొప్పి తగ్గడానికి, సూది మీరు ఆపమన్న చోట ఆగడానికి. ఇక్కడే మోటారు సంగతి వస్తుంది.

క్లచ్ మోటారు స్విచ్ వేసిన దగ్గర్నుంచి టేబుల్ కింద గుయ్ మని తిరుగుతూనే ఉంటుంది, మీరు కుట్టినా కుట్టకపోయినా. పెడల్ నొక్కితే క్లచ్ పట్టుకుంటుంది, మిషను ఒక్కసారిగా లాగేస్తుంది. ఫ్యాక్టరీలో ప్యాంటు సైడు కుట్టేవాళ్లకి బాగానే ఉంటుంది కానీ కాలితో తొక్కే మిషను అలవాటైన మనిషికి మెడ వంపు దగ్గర పైపింగు మీంచి కుట్టు పక్కకి పోతుంది, రెండు నెలలు ఊడదియ్యడంతోనే సరిపోతుంది. సర్వో అలా కాదు, పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది, మెల్లగా ఒక్కొక్క కుట్టు కూడా వేయొచ్చు, పై స్పీడు ఇంతకి మించొద్దని మీరే సెట్ చేసుకోవచ్చు.

సర్వోల్లో కూడా రెండు రకాలు ఉంటాయి, ఇది షాపులో అడిగితే గానీ చెప్పరు. ఒకటి టేబుల్ కింద మోటారు, బెల్టుతో తిరిగేది. రెండోది డైరెక్ట్ డ్రైవ్, మోటారు హెడ్డులోనే ఉంటుంది, బెల్టు ఉండదు. డైరెక్ట్ డ్రైవ్‌లో చాలావాటికి పెడల్ వదిలితే సూది గుడ్డలో కిందే ఆగేలా పెట్టుకోవచ్చు, అప్పుడు చతురస్రం మెడ మూల దగ్గర పాదం లేపి గుడ్డ తిప్పితే చాలు, కుట్టు కదలదు. బెల్టు సర్వోకి విడిగా సెన్సారు లేకపోతే ఈ సౌకర్యం రాదు. 24,000 చెప్పింది దేనికో, సూది ఆగే పద్ధతి ఉందో లేదో కనుక్కోండి, వీలైతే ఎదురుగా నడిపించి చూడండి.

కరెంటు లెక్క కూడా చూద్దాం. రోజుకి 8 గంటలు స్విచ్ వేసి ఉంచారనుకోండి, అందులో 3 గంటలే పెడల్ మీద కాలుంది. 400 వాట్ల క్లచ్ మోటారు కుట్టేటప్పుడు 300, ఖాళీగా తిరిగేటప్పుడు 200 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకి రెండు యూనిట్లకి కాస్త తక్కువ. సర్వో అర యూనిట్‌తో సరిపెడుతుంది. 26 రోజులకి తేడా 36 యూనిట్లు, యూనిట్ 7, 8 రూపాయలు వేసుకుంటే నెలకి 250 పైచిలుకు. రెండింటి ధరలో తేడా 4,500 కాబట్టి ఏడాదిన్నరలో తిరిగొస్తుంది. కుట్టనప్పుడల్లా క్లచ్ స్విచ్ ఆపేస్తాం అంటారు అందరూ, మూడో రోజు నుంచి ఎవ్వరూ ఆపరు, మా ఇంట్లో ఫ్యానే ఎవరూ ఆపరు.

ఇప్పుడు మీ ఆయన చూసిన ఇరవై కుట్ల మిషను. ఇరవైలో మీకు డబ్బులు తెచ్చేవి ఏవి చెప్పండి, తిన్నటి కుట్టు, అంచుకి ఓవర్‌లాక్, చీరకి పీకో, ఎప్పుడో ఒక కాజా. మిగతా పువ్వులూ ఆకులూ కొన్న వారం పిల్లల గౌన్ల మీద వేసి చూసుకోవడానికే. ఆ మిషన్లు ఇంట్లో వాడకానికి చేసినవి, మోటారు చిన్నది, గంటల తరబడి నడిపితే వేడెక్కుతుంది, పీకో ఒకటీ రెండు చీరలకి వేసుకోవచ్చు, నలభై చీరలు కష్టం. ఇంకోటి, వారంటీ కార్డు వెనక సన్న అక్షరాల్లో వ్యాపారానికి వాడితే వారంటీ వర్తించదని చాలావాటికి రాసుంటుంది. షాపు పెట్టేవాళ్లు డబ్బు కట్టకముందే ఆ ముక్క చదవాలి.

మరి విడిగా పీకో మిషను కొనుక్కుంటే నెలకి 1,600 మిగులుతుంది కదా అని మీకు అనిపిస్తుంది, నాకూ మొదట అలానే అనిపించింది, తర్వాత లెక్క వేశా. దారం, కరెంటు పోతే చీరకి 35 మిగులుతుంది, నలభైకి 1,400. కానీ చీర రంగుకి దారం మార్చి, రెండు కొసలకీ పీకో వేసి, పోగులు కత్తిరించేసరికి చీరకి 12 నిమిషాలు, నెలకి 8 గంటలు. ఆ 8 గంటల్లో మీరు నాలుగు జాకెట్లు కుడతారు, దారం, హుక్కులు పోను జాకెట్టుకి 330 వేసుకున్నా 1,320 వస్తుంది. అంటే చేతినిండా ఆర్డర్లు ఉన్న నెలలో సొంత పీకో వల్ల వచ్చేది 80 రూపాయలు, దానికోసం పది పదిహేను వేలు కదలకుండా కూర్చోవాలి. ఆషాఢం, మూఢం లాంటి ఖాళీ నెలల్లో మాత్రం లాభమే, లేదా ఇంట్లో ఇంకో మనిషి చెయ్యి ఉంటే. ఇప్పటికైతే బయటే వేయించండి.

అసలు సంగతి సర్వీసు. సర్వోకి ఒక బలహీనత ఉంది, దానికి ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. క్లచ్ మోటారు పాడైతే ఊళ్లో మోటార్లు చుట్టే మెకానిక్ కూడా బాగుచేస్తాడు, సర్వో బోర్డు పోతే బోర్డే మార్చాలి, అది దొరికేదాకా మిషను బల్లే. మా క్లయింటు ఒకావిడ రెండున్నర వేలు తక్కువని ఆన్‌లైన్లో తెప్పించుకుంది, మొదటి శ్రావణంలో వరలక్ష్మీవ్రతానికి పది రోజుల ముందు ఉరుములొచ్చి వోల్టేజి ఎగిరి స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ పడి ఆగిపోయింది. లోకల్ మెకానిక్ చూసి నేను అమ్మింది కాదమ్మా నా దగ్గర బోర్డు లేదన్నాడు, అమ్మినవాళ్లు వీడియో తీసి పంపమన్నారు, బోర్డు వచ్చేసరికి పండగ అయిపోయింది. మీ లెక్కలో వేసి చూస్తే సీజన్లో రోజుకి నాలుగు జాకెట్లంటే 1,320, రెండు రోజులు ఆగితే ఆ రెండున్నర వేలు పోయినట్టే, మాట పోవడం సంగతి వేరు.

అందుకే షాపాయన్ని బేరం ఆడేముందు ఇవి అడగండి. మెకానిక్ ఆయన మనిషేనా, ఫోన్ చేస్తే మీ ఊరికి ఎన్ని రోజుల్లో వస్తాడు, రానూపోనూ ఎంత. ఈ మోడల్ బోర్డు ఇప్పుడు షాపులో ఉందా, ఉంటే చూపించమనండి, చూపించే షాపులో 1,000 ఎక్కువైనా కొనండి. వారంటీ హెడ్డుకి ఎంత, మోటారుకి ఎంత, బోర్డుకి ఎంత విడివిడిగా బిల్లు మీద రాయించుకోండి, హెడ్డు మీద నంబరు కూడా బిల్లులో ఉండాలి. ఆ షాపులో కొన్న ఇద్దరు టైలర్ల నంబర్లు తీసుకుని సీజన్లో మెకానిక్ వచ్చాడా అని అడగండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ సొంత గుడ్డే తీసుకెళ్లండి, షాపువాళ్లు ఇచ్చే గట్టి కాటన్ మీద ఏ మిషనైనా ముత్యాల్లా కుడుతుంది. ఒక పల్చటి షిఫాన్ ముక్క, లైనింగూ పైపింగూ కలిసి నాలుగైదు మడతలు వచ్చే ముక్క, ఒక తెల్ల గుడ్డ. షిఫాన్ ముడుచుకుపోతుందా, మడతల మీద కుట్టు జారుతుందా, కింద దారం ఉంగరాలు తేలుతుందా చూడండి. తెల్ల గుడ్డ మీద ఐదు నిమిషాలు నడిపిస్తే సూది దగ్గర ఆయిల్ మరక పడుతుందో లేదో తెలుస్తుంది, పట్టు జాకెట్టు మీద తెలిస్తే దాని ఖరీదు మీరే కట్టాలి. మీ పాత సూదులు దీనికి పట్టవు, పవర్ మిషనుకి గుండ్రటి కాడ సూదులు, పల్చటి పట్టుకి 11, మామూలు కాటన్‌కి 14 నంబరు ఒక్కో ప్యాకెట్ బేరంలోనే కలిపించుకోండి.

డబ్బు ఇలా పెట్టండి: మిషనుకి 24,000, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు సరిచేయించి మంచి ప్లగ్గు, స్టెబిలైజరుకి 3,000 దాకా. బోర్డుని కాపాడేది ఇదే, దీన్ని మిగుల్చుకోవద్దు. 15,000 బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచండి. మిగిలిన 18,000తో లైనింగు గుడ్డ స్టాకు, ఇస్త్రీ పెట్టె, ముందు గదికి లైటు. చేతిలో డబ్బుండగా ఈఎంఐ ఎందుకు, వద్దు. పీఎం విశ్వకర్మలో దర్జీ పని ఉంది, అర్హత ఉంటే పనిముట్లకి 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా లోను ఇస్తారు, ఇంటికి ఒక్కరికే. మీసేవకో సీఎస్‌సీకో వెళ్లి కనుక్కోండి, కానీ దాని మీద ఆశ పెట్టుకుని మిషను కొనడం ఆపొద్దు.

పాత మిషను మాత్రం ఎక్స్‌ఛేంజిలో ఇవ్వకండి, షాపాయన 1,500 ఇస్తానంటాడు. నాలుగు చుక్కలు ఆయిల్ వేసి మూలన పెట్టుకోండి, శ్రావణంలో గాలివానకి కరెంటు పోయిన మధ్యాహ్నం ఊళ్లో నడిచే మిషను అదొక్కటే ఉంటుంది.