‘అని’కి ముందు ‘వస్తాను’ ఉండాలా, ‘వస్తారు’ ఉండాలా?

ప్రశ్న: వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ మీటింగ్ మినిట్స్ నేనే రాస్తాను. ‘లిఫ్ట్ మెకానిక్ శుక్రవారం వస్తారని చెప్పారు’ అని రాశాను. సెక్రటరీ గారు దాన్ని ‘వస్తానని చెప్పారు’ అని దిద్దారు. మర్యాద తగ్గినట్టు అనిపిస్తోంది. ఏది సరి?

జవాబు: మెకానిక్ తన రాక గురించే చెప్పి ఉంటే సెక్రటరీ గారి దిద్దుబాటే సరి. ‘అని’కి ముందుండే మాట చెప్పినవారి నోటి నుంచి వచ్చిన పూర్తి వాక్యం. అందులో క్రియ ఏ పురుషలో ఉందో అలాగే ఉంటుంది.

మినిట్స్ దిద్దేటప్పుడు నేను చేసేది ఒకటే. ‘అని’ని విడదీసి, మిగిలిన ముక్కను చెప్పినవారి నోట్లో పెట్టి చూస్తాను. ‘వస్తానని’ విడదీస్తే ‘వస్తాను’. మెకానిక్ అన్నదీ అదే. ‘వస్తారని’ విడదీస్తే ‘వస్తారు’. తన గురించి తాను ‘వస్తారు’ అని ఎవరూ అనరు కదా, అందుకని మెకానిక్ వస్తారని ఇంకెవరో చెప్పారనో, మెకానిక్ ఇంకెవరినో పంపుతున్నారనో చదివేవాళ్లకు అర్థమవుతుంది. ‘చెప్పారు’లోని మర్యాద లోపలి క్రియకు కూడా పాకడంతోనే ఈ పొరపాటు వస్తుంది. మర్యాద బయటి క్రియకు ఉంటే చాలు: ‘తాను శుక్రవారం వస్తానని మెకానిక్ చెప్పారు.’ ఇద్దరు ముగ్గురు కలిసి చెబితే ‘తాము వస్తామని’.

క్రియ మారదు గానీ, ‘నేను’ మాత్రం ‘తాను’ కావాలి. ‘నేను రానని ట్రెజరర్ అన్నారు’ అని రాశారనుకోండి. రానిది ట్రెజరరా, మినిట్స్ రాసిన మీరా? రెండు అర్థాలూ వస్తాయి. ‘తాను రానని’ అంటే ఆ సందేహం ఉండదు. ‘నేను’ అనే మాటే ఉంచాలంటే కొటేషన్ గుర్తులు పెట్టి తీరాలి.

ఆజ్ఞలకు మాత్రం పై పరీక్ష అలాగే పనిచేయదు. ‘రండి’ అన్నా ‘రా’ అన్నా ‘రమ్మని’ అవుతుంది, ‘వేయండి’ అన్నా ‘వేయి’ అన్నా ‘వేయమని’. ఎవరికి చెప్పారో వారికి ‘ని’ చేరుతుంది: ‘వాచ్‌మన్‌ని పదింటికల్లా గేటు వేయమని చెప్పారు.’ వద్దన్నప్పుడు ‘వేయవద్దని’.

ఇంకొకటి, ‘వచ్చిన అని’, ‘వచ్చినట్లని’ లాంటివి రాయకండి. ‘వచ్చిన’ దగ్గర వాక్యం పూర్తి కాలేదు, దాని మీద ‘అని’ నిలవదు. అక్కడ ‘వచ్చాడని’ అయినా రాయాలి, ‘వచ్చినట్లు’ అయినా రాయాలి. పేపర్లకు ‘నట్లు’ ఇష్టం గానీ, మినిట్స్‌కి నేను వాడను. ‘శుక్రవారం వస్తున్నట్లు మెకానిక్ చెప్పారు’ అంటే వచ్చేది ఎవరో క్రియలో కనిపించదు. వాడక తప్పకపోతే ముందు ‘తాను’ చేర్చండి.