క్యాబ్ రసీదు ఫోటోలో ఛార్జీ, టోల్, వెయిటింగ్ విడదీయడం ఎలా?

విజయవాడ నుంచి గుంటూరుకు క్యాబ్, ఆటో రసీదుల ఫోటోలు పోగయ్యాయి. ఖర్చుల షీటులో ఛార్జీ, టోల్, వెయిటింగ్ వేర్వేరుగా ఎలా రాయాలి?

మొత్తం అంకెను ముందు F గడిలో రాయండి. తర్వాత ఛార్జీ, వెయిటింగ్, పన్ను, టోల్‌లను B నుంచి E వరకు నింపి, G2లో ఈ సూత్రం పెట్టండి:

```
=F2-SUM(B2:E2)
```

ఉదాహరణకు ఛార్జీ 840, వెయిటింగ్ 36, పన్ను 44, టోల్ 160, మొత్తం 1,080 అనుకుందాం. G2లో సున్నా వస్తే టోల్ ఆ మొత్తంలోనే ఉన్నట్టు. అప్పుడు కాజా టోల్‌ప్లాజా చీటీని రుజువుగా జతచేయండి, మరో వరుసగా రాయకండి. ఎక్కువ మంది రెండుసార్లు లెక్కించేది ఇక్కడే. మొత్తం 920 మాత్రమే ఉంటే -160 వస్తుంది; టోల్ విడిగా చెల్లించారన్నమాట, అది వేరే వరుస. మసక ఫోటోలో 36ను 86గా చదివితే -50 కనిపిస్తుంది, ఫోటోను పెద్దది చేసి చూడండి.

ఆటో చీటీపై ఒకే అంకె ఉంటే మొత్తాన్నీ ఛార్జీలోనే వేయండి. వెయిటింగ్ ఇంత అని ఊహించి విడదీస్తే ఆడిటర్‌కు చూపడానికి ఆధారం ఉండదు. డ్రైవర్‌తో అక్కడికక్కడే రాయించుకోవడం నయం.