ఎస్ఓపీ: మీ ప్రాజెక్టు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. బీటెక్ సివిల్ పూర్తి చేశాను, సీజీపీఏ 7.1. తిత్లీ తుపాను వచ్చినప్పుడు టెన్త్‌లో ఉన్నాను. ఫైనల్ ఇయర్‌లో మా జిల్లాలో కొండచరియలు విరిగిపడే చోట్ల మీద క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌తో ప్రాజెక్టు చేశాను. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీకి చెందిన ఐటీసీలో జియో ఇన్ఫర్మేషన్ మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన శాంపిల్ చూసి ఎస్ఓపీ, అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, రాస్తే "చిన్నప్పటి నుంచి ఆసక్తి" అని మొదలై, యూనివర్సిటీ గొప్పతనంతో ముగిసింది. మోటివేషన్, ప్రిపరేషన్, ఫిట్ అని మూడు భాగాలుండాలంటున్నారు. ఏ భాగంలో ఏం రాయాలి సార్?

జవాబు: ఆ మూడు భాగాలనూ విడివిడిగా రాయడం వల్లే చాలా ఎస్ఓపీలు పేలవంగా తేలిపోతాయి. చదివే ప్రొఫెసర్ వెతికేది ఒక్కటే: ఈ అమ్మాయి ఏ ప్రశ్న పట్టుకుని వస్తోంది, ఆ ప్రశ్నతో ఇంతవరకు ఎంత దూరం వెళ్లింది, ఆగిపోయిన చోట మా కోర్సు పనికొస్తుందా? మొదటిది మోటివేషన్, రెండోది ప్రిపరేషన్, మూడోది ఫిట్. అందుకే రాయడం మధ్య భాగం నుంచి, అంటే మీ ప్రాజెక్టు నుంచి మొదలుపెట్టండి. మిగిలిన రెండూ దానిలోంచే వస్తాయి.

ప్రాజెక్టు గురించి మీ డ్రాఫ్టులో "క్యూజీఐఎస్‌లో ససెప్టిబిలిటీ మ్యాప్ తయారుచేశాను" అన్న ఒక్క వాక్యమే, అంటే ఎక్కడ జారే అవకాశం ఎక్కువో చూపే మ్యాప్ చేశానన్న మాటే ఉంటే, అది రెజ్యూమెలో ఉండాల్సిన మాట. ఎస్ఓపీలో రావాల్సింది మీరు తీసుకున్న నిర్ణయాలు. వాలు, వాన, రాతి రకం, భూ వినియోగం లాంటి పొరల్లో వేటిని తీసుకున్నారు, ఎందుకు? వాటికి బరువులు ఎలా ఇచ్చారు? బీటెక్ ప్రాజెక్టుల్లో ఎక్కువమంది ఏహెచ్‌పీ అనే పద్ధతి వాడతారు. అందులో ఏ అంశం దేనికంటే ముఖ్యమో మనమే తేల్చి బరువులు వేస్తాం. మీరూ అదే చేసి ఉంటే దాచకండి. ఆ బరువులు మీ అంచనాలేనని, గజపతి కొండలకు అవి ఎంతవరకు సరిపోతాయో తేల్చే పద్ధతి అప్పటికి మీ దగ్గర లేదని రాయండి.

తర్వాత మ్యాప్‌ను ఎలా సరిచూశారో రాయాలి. ఈ రంగం తెలిసినవాళ్లు ముందు చూసేది అదే. నిజంగా జారిన చోట్ల జాబితా ఎక్కడి నుంచి తెచ్చారు? గూగుల్ ఎర్త్‌లో కొండ మీద మచ్చలు గుర్తించారా? వాటిలో కొన్నిటితో మ్యాప్ తయారుచేసి, మిగిలినవాటితో పరీక్షించారా, లేక అవే చోట్లతో తయారుచేసి వాటితోనే పరీక్షించారా? రెండోది చేసి ఉంటే మ్యాప్ బాగా వచ్చినట్టే కనిపిస్తుంది గానీ, కొత్త చోటు గురించి అది ఏమీ చెప్పదు. ఆ లోపం ఇప్పుడు మీకు అర్థమైందని రెండు వాక్యాల్లో రాస్తే, మంచి మార్కుల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది. ఊళ్లలోకి వెళ్లి ఒడియాలోనో సవర మాటల్లోనో అడిగి జారిన చోట్లు తెలుసుకుని ఉంటే అది కూడా ఇక్కడే రాయాలి. భాషలు వచ్చన్న గొప్ప కోసం కాదు, సమాచారం సేకరించిన పద్ధతిగా.

ఇక మీరు ఆగిపోయిన చోటు. తుపాను రోజుల్లో మామూలు ఉపగ్రహ చిత్రాల్లో మేఘాలు తప్ప ఏమీ కనబడవు. రాడార్ చిత్రాలు మేఘాల్ని దాటి నేలను చూపిస్తాయి, సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహం డేటా ఉచితంగానే దొరుకుతుంది. కానీ నిటారు కొండల్లో రాడార్‌కు కొన్ని వాలులు నీడలో పడిపోతాయి, ఆ చిత్రాలు చదవడం బీటెక్ సివిల్‌లో సాధారణంగా నేర్పరు. మీ ప్రాజెక్టు ఇక్కడే ఆగి ఉంటే, "ఏ వాలు జారవచ్చో కొంత చెప్పగలిగాను, ఎప్పుడు జారిందో, మట్టి ఎంత దూరం పారిందో చెప్పలేకపోయాను" అన్న వాక్యం మీ ఎస్ఓపీకి వెన్నెముక. ఇంకోచోట ఆగి ఉంటే అదే రాయండి. నేను చెప్పాను కదా అని రాడార్ పెట్టకండి, ఇంటర్వ్యూ ఉంటే మొదటి ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఇప్పుడు మోటివేషన్ చిన్నదైపోతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఇది మీ జిల్లా విషాదం. దీన్ని కన్నీళ్ల కోసం వాడకండి. "తుపాను తీరం దాటాక కూడా మా కొండల్లో ప్రాణాలు పోయాయి. హెచ్చరికలు గాలి గురించి వచ్చాయి గానీ, ఏ వాలు కింద ఉండకూడదో మా ఊళ్లకు ఎవరూ చెప్పలేదు" అన్నట్టు, మీరు నిజంగా చూసినదాన్ని ప్రశ్న పుట్టే వరకే నడిపించి, వెంటనే ప్రాజెక్టులోకి వెళ్లిపోండి. వంద, నూటయాభై పదాలు చాలు. చిన్నప్పటి ఆసక్తి పేరా మొత్తం తీసేయండి.

ఫిట్ దగ్గర మీ డ్రాఫ్టు యూనివర్సిటీని పొగిడింది. ఐటీసీ 1950లో మొదలైందని, డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ ఐఐఆర్ఎస్‌ను 1966లో డచ్ సహకారంతోనే పెట్టారని నేనూ చెప్పగలను. అది వాళ్ల చరిత్ర, మీ దరఖాస్తుకు కారణం కాదు. ఈ ఏడాది కోర్సు పేజీ తెరిచి, రాడార్, ప్రమాద అంచనా, వాలు జారిన తర్వాత మట్టి పారే తీరు మీద ఉన్న సబ్జెక్టుల్లో రెండు మూడు మాత్రమే తీసుకోండి. ఒక్కోదాన్నీ మీ ప్రాజెక్టులో ఆగిన ఒక్కో చోటికి కలపండి. ప్రొఫెసర్ పేరు రాస్తే ఆయన పేపర్ కనీసం ఒకటి చదివి, అందులోని పద్ధతి మీ కొండలకు ఎందుకు సరిపోతుందో లేదా ఎక్కడ సరిపోదో ఒక వాక్యం ఉండాలి. చదవకపోతే పేరు వద్దు. రెండేళ్ల కోర్సులో థీసిస్ ఉంటుంది కాబట్టి దానికి ఒక ప్రశ్న కూడా సూచించండి. అది తర్వాత మారినా ఫరవాలేదు.

రాశాక ఒక పరీక్ష చేయండి. ఫిట్ పేరాలో యూనివర్సిటీ పేరు కొట్టేసి వేరే పేరు పెట్టండి. పేరా అలాగే చెల్లుతుంటే అది ఫిట్ కాదు, మళ్లీ రాయాలి. అలాగే ప్రాజెక్టు పేరాలో జిల్లా పేరు మార్చి చూడండి.

పొడవు విషయంలో అప్లికేషన్ పేజీలో ఇచ్చిన పరిమితే మాట. పరిమితి ఇవ్వకపోతే వెయ్యి పదాలు దాటకుండా, అందులో సగం దాకా ప్రాజెక్టుకు ఇవ్వండి. సీజీపీఏ 7.1 గురించి క్షమాపణ పేరా వద్దు. ఏదైనా సెమిస్టర్ పడిపోవడానికి కారణం ఉంటే ఒక వాక్యం, లేకపోతే అదీ వద్దు. ఐఐఆర్ఎస్ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చేసి ఉంటే సర్టిఫికెట్ పేరు కాకుండా, అక్కడ నేర్చినది ప్రాజెక్టులో ఎక్కడ వాడారో రాయండి. ఇంకా చేయకపోతే, డెడ్‌లైన్‌కు వ్యవధి ఉంటే రిమోట్ సెన్సింగ్ మీద ఒకటి చేసి, అందులో నేర్చినదానితో మీ మ్యాప్‌ను మరోసారి పరీక్షించండి.

కన్సల్టెన్సీ శాంపిల్‌ను పక్కన పడేయండి. అవే వాక్యాలు వందలమంది పంపి ఉంటారు, పోలిక పట్టే సాఫ్ట్‌వేర్‌కు దొరికితే అప్లికేషన్ అక్కడితో పోవచ్చు. డ్రాఫ్టు అయ్యాక ముందు మీ ప్రాజెక్టు గైడ్‌కు పంపండి. రికమెండేషన్ లెటర్ ఆయనే రాస్తుంటే, మీరు ఎక్కడ ఆగారని రాశారో ఆయన లెటర్‌లో కూడా అదే రావాలి. మీరు మ్యాప్ పరీక్షలో లోపం ఉందంటే, ఆయన అంతా అద్భుతంగా వచ్చిందని రాస్తే, చదివేవాళ్లకు ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియదు.