రూపాయి బిళ్ళ అంటించిన కవరు మాత్రం వద్దు

"మా టీమ్ లీడ్ వాళ్ళ నాన్నగారు పోయారు. టీమంతా డబ్బులు వేసుకుని ఏదైనా ఇద్దామనుకుంటున్నాం. ఇలాంటప్పుడు ఏం ఇస్తే బాగుంటుంది? టీమ్‌లో ముస్లింలు, క్రిస్టియన్లు, సింగపూర్ ఆఫీసు వాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఎవరికి ఏది ఇవ్వకూడదో కూడా చెప్పండి."

మూడేళ్ళ క్రితం నేను అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. నాన్న పోయి నాలుగో రోజు. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్. పెద్దకొడుకుని కాబట్టి నేనే కర్తని. మాసిన గడ్డంతో హాల్లో చాప మీద కూర్చుని ఉన్నాను. ఆఫీసు నుంచి ఆరుగురు వచ్చారు. మంచివాళ్ళే, ట్రాఫిక్‌లో గంటన్నర పడి వచ్చారు. ఒకమ్మాయి చేతిలో జిగేల్మనే కాగితం చుట్టి ఎర్ర రిబ్బను కట్టిన బొకే. ఇంకొకరి చేతిలో కాజూ బర్ఫీ పెట్టె. మేనేజరు గారి చేతిలో కవరు.

ఆ కవరు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. గులాబీ రంగు, మీద బంగారు రంగు వినాయకుడు, మూలన జిగురుతో అంటించిన రూపాయి బిళ్ళ. పెళ్ళికి, గృహప్రవేశానికి ఇచ్చేది. ఆఫీసు కింద షాపులో అడిగితే వాడు అదే ఇచ్చి ఉంటాడు, వీళ్ళూ చూసుకుని ఉండరు. మన దగ్గర నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు అని ఇచ్చేదీ, పైన ఒక రూపాయి కలిపేదీ ఆ శుభం ఇంకా కొనసాగాలని. చావు ఇంట్లో ఏం కొనసాగాలి? నా చేతికి ఇవ్వబోతుంటే మా బావ చటుక్కున ముందుకొచ్చి తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒకబ్బాయి "వెళ్ళొస్తాం ఆంటీ" అన్నాడు. మా పిన్ని మొహం తిప్పేసుకుంది. ఇలాంటి ఇంటి నుంచి చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలి, మళ్ళీ వస్తామనకూడదు. ఆ పిల్లాడికి ఎవరు చెబుతారు?

రాత్రి చూస్తే అమ్మ వంటింట్లో దీపం దగ్గర కూర్చుని ఆ బిళ్ళని గోటితో గీకుతోంది. "డబ్బులు వాడుకుందాం రా, పాపం ప్రేమగా ఇచ్చారు. ఇది మాత్రం వద్దు" అంది. జిగురు గట్టిగా ఉంది, కవరు చిరిగింది గానీ బిళ్ళ రాలేదు.

కాబట్టి హిందువుల ఇంటికైతే నా మాట ఇది. తెల్లటి మామూలు కవరు, గుండు అంకె, పైన రూపాయి వద్దు. కర్తకి ఇవ్వకండి, వాళ్ళ బావమరిదికో తమ్ముడికో విడిగా పిలిచి ఇవ్వండి. స్వీట్లు, రిబ్బన్లు, పసుపు కుంకుమలుండే గిఫ్ట్ బుట్టలు అసలొద్దు. బట్టలూ వద్దు, అవి పెట్టడానికి పెద్దకర్మ నాడు వియ్యాలవారూ దగ్గరి బంధువులూ ఉంటారు, మీరు పెడితే వరస తప్పుతుంది. పళ్ళు పరవాలేదు. పదో రోజు దాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళుంటారు. మీ టీమ్‌లో ఎవరైనా కాఫీ వద్దంటే తప్పుపట్టకండి, ఆ ఇంటివాళ్ళూ ఏమీ అనుకోరు.

అసలు నాకు గుర్తుండిపోయినది ఇవేవీ కాదు. నాన్న పోయిన రోజు పొద్దున ఏడింటికి మా అకౌంట్స్ సెక్షన్ పెద్దాయన రెండు పెద్ద ఫ్లాస్కుల్లో కాఫీ, వంద పేపర్ గ్లాసులు, ఒక వాటర్ క్యాన్ పట్టుకుని వచ్చారు. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. ఊళ్ళో అయితే పక్కింటివాళ్ళు చూసుకుంటారు, అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్ళ పేరే తెలియదు. ఊరి నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన పెద్దవాళ్ళు నలభై మంది ఉన్నారు. వాళ్ళలో సగం మంది షుగర్ పేషెంట్లు. ఆయన నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం ఫ్లాస్కులు కడుక్కుని తీసుకెళ్ళిపోయారు.

మా హెచ్చార్ వాళ్ళు మాత్రం సెంటు కొవ్వొత్తి, 'బీ స్ట్రాంగ్' అని రాసిన కప్పు కొరియర్‌లో పంపారు. దాంతోపాటు సెలవు మూడు రోజులే అని మెయిల్. పదమూడు రోజుల కర్మ, మూడు రోజుల సెలవు. ఎవరికి చెప్పుకోవాలి? నా రాత్రి డ్యూటీలన్నీ ఒక జూనియర్ కుర్రాడు అడక్కుండానే తన పేరు మీద వేసుకున్నాడు. ఇవ్వాలంటే ఇలాంటివి ఇవ్వండి.

ఇంకొకటి కూడా చేయొచ్చు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, దాటితే లేటు ఫీజు, ఇంకా ఆలస్యమైతే పై అధికారి అనుమతులు మొదలవుతాయి. తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్స్, పెన్షన్ అందరూ తలా ఒక డెత్ సర్టిఫికెట్ కాపీ అడుగుతారు. కర్మ చేస్తున్నవాడు గడప దాటలేడు. మీలో ఒకరు కాగితాలు పట్టుకుని ఆ నమోదు ఆఫీసు చుట్టూ తిరిగితే, మీరు కొనే ఏ వస్తువూ దానికి సాటి రాదు.

ఇక మిగతావాళ్ళ సంగతి. మా టీమ్‌లో ఒక ముస్లిం స్నేహితుడి అమ్మగారు పోతే మేం పూలదండ కొనుక్కుని సాయంత్రం వెళ్ళాం. మధ్యాహ్నమే ఖననం అయిపోయింది, వాళ్ళలో ఆలస్యం చేయరు. దండ కార్లోనే వాడిపోయింది. వాళ్ళకి మొదటి మూడు రోజులు భోజనం పంపడం చాలా మంచి ఆచారం. అయితే హలాల్ కావాలి కదా, అందుకని మీకు నచ్చిన హోటల్ నుంచి కాకుండా వాళ్ళ తమ్ముణ్ణి అడిగి ఆయన చెప్పిన చోటు నుంచే తెప్పించండి. పోయింది భర్త అయితే ఆయన భార్య నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో, అంటే ఇంటిపట్టునే శోకం పాటిస్తూ, ఉంటారు. మగవాళ్ళు లోపలికి వెళ్ళి పలకరిస్తామని పట్టుబట్టకండి.

క్రిస్టియన్ల ఇంటికైతే పైన నేను తిట్టిన బొకే హాయిగా తీసుకెళ్ళొచ్చు, తెల్ల పూలైతే ఇంకా మంచిది. అలవాటు కొద్దీ అగరొత్తులు మాత్రం పట్టుకెళ్ళకండి. జ్ఞాపకార్థ కూడికకి పిలిస్తే వెళ్ళి కూర్చోండి, అదే వాళ్ళకి పెద్ద ఊరట.

సింగపూర్ ఆఫీసులో చైనీస్ కొలీగ్ తండ్రి పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అక్కడ కవరు తెల్లదే, ఎరుపు పొరపాటున కూడా వద్దు. అంకె మాత్రం మనకు తిరగేసి ఉంటుంది: పెళ్ళికి సరి సంఖ్య, చావుకి బేసి. అంటే మన నూటొక్కటి అక్కడ చావుకే సరిపోతుంది! వచ్చేటప్పుడు వాళ్ళు చేతిలో ఎర్రదారం, ఒక చాక్లెట్ పెట్టారు. చావింట్లో తీపేమిటని జేబులో వేసుకోబోయాను. పక్కనున్నాయన "ఇక్కడే తినెయ్, దారం ఇంటికి చేరేలోపు పారేయ్" అన్నాడు. చప్పరిస్తూ బయటికి వచ్చాను గానీ, మా పిన్ని చూసి ఉంటే ఏమనేదో అని నవ్వొచ్చింది.

మీ టీమ్ లీడ్ గారిది ఏ పద్ధతో ముందు వాళ్ళింట్లో ఒక పెద్దావిడకి ఫోన్ చేసి అడగండి. ఏమీ అనుకోరు. కొన్ని ఇళ్ళల్లో మంగళ, శుక్రవారాలు పలకరింపుకి రావద్దంటారు, అదీ ఆ ఫోన్లోనే తేలిపోతుంది. కవరు కొనేటప్పుడు మాత్రం ఒకసారి తిప్పి చూడండి. బిళ్ళ ఉంటే పీకే ప్రయత్నం చేయకండి, రాదు. వేరే కవరు అడగండి.